తేలినవీ, తేలనివీ

అలా గబగబా రాసెయ్యకే విజయదుర్గా, నా నోరు నెమ్మది. నేనని కాదు, మీ వీరవేణి మామ్మ అనే రాయి. ఆవిడ ఆవేళ అమలాపురం నెట్ సెంటర్లో ఎందుక్కూర్చుందో ముందది రాయి.

కువైట్లో ఇంటిపనికెళ్ళిన కూతురు లక్ష్మీదుర్గ చెయ్యి ఇస్త్రీపెట్టెతో కాల్చేసిందంట యజమానురాలు. పిల్ల తట్టుకోలేక పారిపోయి, రాజోలు ఆవిడొకావిడ గదిలో దాక్కుంది. పాస్‌పోర్టేమో యజమాని దగ్గరే ఉండిపోయింది. గదావిడ హడలిపోయి, "తెల్లారేలోగా ఏదోటి తేల్చుకో తల్లీ, పోలీసులొస్తే నన్నూ పట్టుకుపోతారు" అందంట.

అందుకని గల్ఫులో ఉన్న మనాళ్ళందరూ కంప్యూటర్లో ఒకేచోట చేరి టైపు కొట్టుకుంటున్నారు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాలు. కువైట్ నుంచి వీరవేణి మరిది వెంకటరాజు, దుబాయ్ నుంచి అక్క కొడుకు శివనాగరాజు. పెద్దకొడుకు సత్యప్రసాద్ దోహాలో పనిలోంచి వస్తే చేరతాడన్నారు. తేలింది తల్లే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా పిల్ల నమ్మదు. ఆ నెట్ సెంటర్ ఫోనుకే పిల్ల ఒక్కసారి చేస్తుంది, ఫోను కార్డులో డబ్బులున్నంతసేపే మాట.

సెంటర్ నడిపే అంజిబాబు చదివి వినిపిస్తున్నాడు గానీ, ఒకరి మాటకి జవాబొచ్చేలోపు ఇంకొకరి మాట పడిపోతోంది. వీరవేణికి బుర్ర తిరిగిపోయింది. అందరూ కంప్యూటర్లోంచి వెళ్ళిపోయాక, "బాబూ, ఇదంతా నేను ఫోనులో చెప్పలేను. ఏం తేలింది, ఏం తేలలేదు, రెండు ముక్కలుగా చెప్పు" అంది.

అంజిబాబు ఆ మాటలన్నీ ప్రింటు తీసి, గీతలు పెట్టుకుంటూ కూర్చున్నాడు.

"పిన్నిగారండీ, తేలింది ఇదండీ. అమ్మాయి తిరిగి యజమాని ఇంటికే వెళ్ళాలి. వెంకటరాజుగారు దగ్గరుండి అప్పజెబుతారు. సత్యప్రసాద్‌గారు కూడా సరే అన్నారు. తేలనిదేమో పాస్‌పోర్టు సంగతండీ."

ఆ వీసా తెచ్చింది వెంకటరాజే. యజమాని ముందు ఆయనకి తలవంపులు. ఆయనలా అనడం వింత కాదు. కానీ సత్యప్రసాదా? చెల్లెలికి ముల్లు గుచ్చుకుంటే తను కుంటేవాడు.

"మావాడా? సరే అన్నాడా? ఎక్కడన్నాడో చూపించు బాబూ."

"మీకు చదువు రాదు కదండీ?"

"నీకొచ్చుగా. పైనుంచి చదువు. ఎవరు ఎప్పుడొచ్చేరో అది కూడా చదువు."

అంజిబాబు విసుక్కుంటూనే మొదలెట్టేడు. వెంకటరాజు, తిరిగి పంపేద్దాం అన్నాడు. శివనాగరాజు, వద్దు చిన్నాన్నా, ఎంబసీకి తీసుకెళ్దాం అన్నాడు. దానికెవరూ జవాబివ్వలేదు. తర్వాత, సత్యప్రసాద్ వచ్చి చేరినట్టు ఒక లైను. దాని కింద శివనాగరాజే, రాత్రికి మళ్ళీ అందరం కూర్చుందామా అన్నాడు. దాని కింద సత్యప్రసాద్, సరే అన్నాడు.

అంజిబాబు ఆగిపోయేడు. పైలైన్లు మళ్ళీ వేలుపెట్టి చూసుకున్నాడు.

"పిన్నిగారండీ... తప్పైపోయిందండీ. మధ్యలో వచ్చినోళ్ళకి అంతకుముందు మాటలు కనపడవండీ. ఆయన వచ్చేటప్పటికే వెంకటరాజుగారి మాట అయిపోయింది. ఈ సరే రాత్రి కూర్చోడానికండీ, అమ్మాయిని పంపడానిక్కాదు."

"అయితే ఏం తేలినట్టు?"

"ఏం తేలలేదండీ. పంపాలా, ఎంబసీకెళ్ళాలా... అదీ తేలనిదేనండీ."

ఫోను మోగింది. వీరవేణి రిసీవరు లాక్కుంది.

"అమ్మా, చిన్నాన్న కారుతో కింద నిలబడ్డాడే. అన్నయ్య కూడా ఒప్పుకున్నాడంట కదా. మీరందరూ అనుకున్నాక నేనేం చేస్తాను? దిగుతున్నానే." పిల్ల ఏడుపు కూడా సన్నగా ఉంది, ఎవరికో వినపడుతుందన్నట్టు.

"దిగకు! అన్నయ్య ఒప్పుకోలేదే. వాడికా మాటే తెలీదు. ఏదీ తేలలేదు, వింటున్నావా?"

"మరి నన్నేం చెయ్యమంటావే?"

జన్మలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి మీ మామ్మ. మొగుడున్నప్పుడు మొగుడి మాట, పోయేక మరిది మాట. కళ్ళు మూసుకుని అంది: "నేను తేలుస్తున్నాను. ఎంబసీకి పో. ఆ గదావిడ కాళ్ళు పట్టుకో, టాక్సీ ఎక్కించమను. మీ చిన్నాన్నతో నేను..."

లైను తెగిపోయింది.

పిల్ల విందో లేదో తెలీదు. అంజిబాబు సత్యప్రసాద్‌కి కబురు మీద కబురు కొట్టేడు, జవాబు లేదు. వీరవేణి ఆ ఫోను పక్కనే కూర్చుంది. సెంటరు మూసే వేళకి అంజిబాబు, "మీరుండండి పిన్నిగారూ" అని షట్టరు సగమే దించేడు. తెల్లారి అదే ఫోనుకి శివనాగరాజు చేసేడు. ఆ గదావిడే వెనక మెట్లమీంచి దింపి టాక్సీ ఎక్కించిందంట, ఎంబసీవాళ్ళు ఆడవాళ్ళనుంచే చోటులో ఉందంట పిల్ల. ఇల్లు చేరడానికి మాత్రం చాలా నెలలు పట్టింది. మీ అత్త ఇప్పటికీ ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటుంది, చూసేవుగా.

వెంకటరాజు మాత్రం ఊరంతా చెప్పుకుంటున్నాడు, మీ సత్యప్రసాద్ పెదనాన్న సరే అన్నాకే తను కారు తీశానని. తన సరే వల్లే అంతా జరిగిందనుకుని వాడా మాట మోస్తూ దోహాలోనే ఉండిపోయేడు, చెల్లెలి మొహం చూళ్ళేక. ఆదివారం ఫోను చేస్తాడుగా, ఇదంతా వాడికి చదివి వినిపించు తల్లీ. నెమ్మదిగా చదువు.