టెస్టు పెట్టెలో అసలు పేర్లు

పొద్దున్నే ఆస్పత్రి నుంచి సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరుకు ఫోను మీద ఫోను. స్కానింగు వాయిదా పడిందని రోగులకు వెళ్ళాల్సిన మెసేజీలు ఒక్కరికీ చేరలేదు. పరగడుపున వచ్చి కూర్చున్న పెద్దాయనొకరు కళ్ళు తిరిగి పడిపోయారట.

ఆ మెసేజీలు పంపే ప్రోగ్రాం రాసింది చిన్నమ్మాయి. ఆఫీసులో అందరికన్నా చిన్నది గనక ఆ పేరు. ఉద్యోగం పర్మనెంటవుతుందో, ఇంటికి పంపేస్తారో ఆ వారమే తేలాలి. రోగులు వాడే అసలు సర్వరును చూసుకునేది ఆమె బావ, అక్క మొగుడు. ఆ ఉద్యోగంలో పెట్టించిందీ, రోజూ బండి మీద తీసుకొచ్చేదీ ఆయనే.

"టెస్టులో బాగానే వెళ్తున్నాయి బావా. కొత్త మెసేజ్ సర్వరు అడ్రసు అసలు సర్వరు సెట్టింగుల్లో పెట్టమన్నాను, పెట్టావా?"

"పెట్టకేం మరదలా! రెండుసార్లు సరిచూశా. నీ వంటలో ఉప్పెక్కువై నా పొయ్యినంటావేం? కోడ్ చూసుకో."

నవ్వేసి, నమ్మేసి, కోడంతా జల్లెడ పట్టింది. ఎక్కడా తప్పు లేదు. అసలు సర్వరు కూడా ప్రతి మెసేజీ 'పంపాను' అనే అంటోంది. ఏమీ తోచక టెస్టు మెసేజీలు పడే పెట్టె తెరిచింది. 'రోగి ఒకటి', 'రోగి రెండు' అని తను పెట్టిన ఉత్తుత్తి పేర్ల కింద, నిజం మనుషుల పేర్లు! ఆ పెద్దాయన పేరు కూడా.

అసలు సర్వరులో ఆ సెట్టింగే లేదన్నమాట. అది దొరక్కపోతే టెస్టు అడ్రసుకే పంపమని పాత కోడ్‌లో ఎవరో రాసిపెట్టారు. అందుకే గొడవ చెయ్యకుండా అన్నీ ఇక్కడికి వచ్చి పడ్డాయి.

బావ సీటు దగ్గరికి పరుగెత్తింది. భోజనానికి వెళ్ళాడన్నారు. తన సీటుకు తిరిగొచ్చేసరికి టెస్టు పెట్టెలోకి కొత్తవి రావడం ఆగిపోయింది. మెసేజీలు అందుతున్నాయని ఆస్పత్రివాళ్ళు ఫోను చేశారు. తనింకా ఒక్క లైనూ ముట్టుకోలేదు.

మీటింగులో బావే ముందు నోరు విప్పాడు. "కోడ్‌లో పొరపాటు సార్. కొత్తపిల్ల కదా. నేను దగ్గరుండి సరిచేయించాను."

"ఏం సరిచేశావమ్మా?" అన్నాడు మేనేజరు.

ఒప్పేసుకోమన్నట్టు బావ కళ్ళతో సైగ చేశాడు, పెళ్ళిచూపుల్లో అక్కకు తెలియకుండా తనకు చాక్లెట్టు ఇచ్చినప్పటిలాగే.

"నేనేమీ మార్చలేదు సార్. సెట్టింగులు ఎవరు, ఎప్పుడు మార్చారో సర్వరులోనే కనిపిస్తుంది. తెరిచి చూడండి."

మేనేజరు తెరిచాడు. ఆ మధ్యాహ్నమే చేర్చిన ఒకే ఒక్క సెట్టింగు, కొత్త మెసేజ్ సర్వరు అడ్రసు. పక్కనే బావ పేరు. బావ తల ఎత్తలేదు.

సాయంత్రం ఆమె బస్సెక్కింది. దారిలో అక్క ఫోను.

"బావ ఒక్కడే వచ్చాడేమే?"

"ఏమన్నాడు?"

"నీ తప్పేదో దిద్దుకోవాలని ఆఫీసులో ఉండిపోయావట. పాపం, నిన్ను వెనకేసుకొచ్చీ వచ్చీ అలిసిపోయాడే."