పదహారు చొక్కాలు

డెడే అడిగిన తీరే అరబాకు మింగుడు పడలేదు. గొంతు పెంచలేదు, నిందించలేదు. హాస్టలు మెట్ల మీద నిలబడి, ఫోను చూపిస్తూ, "అక్కా, చొక్కా యాభై సెడీలని నువ్వే చెప్పావు కదా. అరవై అయిదు పంపాను. ఆ పదిహేను ఎవరికి?" అంది.

డెడే మొదటి సంవత్సరం పిల్ల. ఈ వారమంతా 'గారి' అనే కర్రపెండలం పిండిని నీళ్ళలో కలుపుకుని తింటోందని అందరికీ తెలుసు. విభాగం వారోత్సవాల ఊరేగింపులో చొక్కా లేకుండా నడవనివ్వరు. అందుకే పంపింది.

అరబా విభాగం విద్యార్థి సంఘానికి కోశాధికారి. అరవై అయిదని గ్రూపులో ప్రకటించింది అధ్యక్షుడు ఎకో. డబ్బు పంపమని ఇచ్చింది మాత్రం అరబా నంబరు. చొక్కాకి పేరిచ్చిన అరవై నలుగురూ పంపారు. అంటే అరవై నలుగురి కళ్ళల్లోనూ దొంగ తనే.

ఎకో క్యాంటీన్ వెనక కెంకే అనే మొక్కజొన్న ముద్ద, వేపుడు చేప తింటున్నాడు.

"అన్నా, అచ్చు కొట్టు ఆంటీ మాన్సా ఎనభై చొక్కాలకి ఒక్కోటి యాభై అంది. నువ్వు అరవై అయిదు ఎలా పెట్టావు?"

"కూర్చో చెల్లీ, చేప తిను." నూనె వేళ్ళతోనే జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. కాగితం మీద వేలిముద్రలు పసుపుగా దిగాయి. "ఎనభై చొక్కాలు, నాలుగు వేలు. కట్టేవాళ్ళు అరవై నలుగురు. తలా అరవై రెండున్నర. చిల్లర ఎందుకని అరవై అయిదు."

"మిగతా పదహారు?"

"మన కార్యవర్గం తొమ్మిది. మాస్టారికీ వాళ్ళావిడకీ రెండు. నా స్నేహితులు అయిదుగురు పక్క కాలేజీ నుంచి వస్తున్నారు, పాపం." వేలు నాకాడు. "మొహం అలా పెట్టకు. నీదీ ఉచితమే. చూడు, నాలుగో పేరు."

ఆ జిడ్డు మరక కింద తన పేరు ఉంది. పక్కన సైజు కూడా రాశాడు. అరబా చేప పళ్ళెం అవతలికి నెట్టింది. చేప వాసనకు కాదు. డెడే తినని పూటల డబ్బుతో అయ్యే చొక్కాకి తన భుజాల కొలత అతను ముందే రాసి పెట్టుకున్నందుకు.

"ఏటా ఇంతే," అన్నాడు ఎకో. "పనిచేసేవాళ్ళకి ఆ మాత్రం ఉండాలి. లేకపోతే ఎవరు చేస్తారు?"

అరబా లేచింది. కాగితం మడిచి తీసుకుని నేరుగా కోటొకురాబా సంత వెనక ఉన్న అచ్చు కొట్టుకు వెళ్ళింది.

ఆంటీ మాన్సా బట్టల మీద అచ్చు వేసే స్క్రీన్లు ఆరబెడుతోంది. "ఉత్త చొక్కాలు ఇంకా కొనలేదమ్మా, రేపు తెస్తాను. ఏం, సైజులు మారాయా?"

"లెక్క మారింది ఆంటీ. తక్కువ వేస్తే ధర ఎంత పెరుగుతుంది?"

"పెరిగేది స్క్రీన్ల భాగమే. రెండు రంగులకి రెండు స్క్రీన్లు, ఒక్కోటి నూట అరవై. ఎనభై వేసినా ఎనిమిది వేసినా ఆ మూడు వందల ఇరవై మారదు. చొక్కా నలభై, అచ్చు రంగుకి మూడు చొప్పున ఆరు. ఆ నలభై ఆరూ మారదు. నువ్వెన్ని వేయిస్తే అంతమందికి స్క్రీన్ల ఖర్చు పంచు."

అరబా అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుని లెక్క వేసింది. అరవై నలుగురు, తనతో కలిపి అరవై అయిదు. మొత్తం మూడు వేల మూడు వందల పది. తలకి ఇంచుమించు యాభై ఒకటి. పదహారు మందికి ఊరికే పెట్టకపోతే పెరిగేది ఒక్క సెడీ. ఆ ఒక్క సెడీకి బదులు ఈ పిల్లల నుంచి పదిహేనేసి లాగారు. ఏటా!

"అరవై అయిదే వేయండి ఆంటీ. ఈ పదిహేను సైజులు కొట్టేయండి." తన సైజు మాత్రం ఉంచింది.

"మీ అధ్యక్షుడు తిడతాడు."

"తిట్టనివ్వండి."

సాయంత్రానికి అరవై నలుగురికీ పద్నాలుగేసి సెడీలు తిరిగి పంపింది, లెక్క అంతా గ్రూపులో పెట్టింది. తన యాభై ఒకటి వేసింది. ఆంటీకి కట్టాక మిగిలిన అయిదు సెడీలూ అందులోనే చూపించింది.

ఊరేగింపు రోజు, శనివారం పొద్దున, ఎకో చొక్కాల సంచి అడుగు దాకా వెతికాడు. వెనక ఆ అయిదుగురు స్నేహితులు నిలబడి చూస్తున్నారు.

"నాదేది?"

"గ్రూపులో రాశాను కదా, కావాలంటే యాభై ఒకటి పంపమని. కార్యవర్గంలో నేను తప్ప ఒక్కరూ పంపలేదు."

"సరే, ఇప్పుడు పంపుతా. వేయించు."

"ఆంటీ స్క్రీన్లు కడిగేసింది అన్నా. ఒక్కదాని కోసం మళ్ళీ చేయాలి. మూడు వందల అరవై ఆరు అవుతుంది."

అతను పళ్ళు కొరికాడు. తర్వాత ఆమె చూస్తుండగానే, అప్పుడే చొక్కా తొడుక్కుని వస్తున్న డెడే దగ్గరికి వెళ్ళి నవ్వాడు. "చెల్లీ, ఫోటో వరకూ నీది ఇవ్వవూ? అధ్యక్షుణ్ణి కదా."

డెడే ఒక్క అడుగు వెనక్కి వేసింది. చొక్కా అంచు రెండు చేతులా పట్టుకుంది. "నేను డబ్బు కట్టాను అన్నా," అంది.

అరబా ఎకో వైపు నుంచి మొహం తిప్పుకుంది. మిగతా చొక్కాలు పంచుతూ డబ్బు కట్టిన ప్రతి పేరూ పైకి చదివింది.