పచ్చ రంగు వరుసలు

మామయ్యకు చూపు పోయాక షేర్ల పట్టిక చదవడం కోడలి పనైంది. బ్రోకరు పంపేది స్క్రీన్‌షాట్. ఫోన్ అక్షరాలనైతే గడగడా చదువుతుంది, బొమ్మను మాత్రం చదవదు. అందుకే ఆమె రోజూ ఆ బొమ్మను వరుసలుగా టైపు చేసి ఆయన ఫోన్‌కు పంపేది: కంపెనీ పేరు, కదలిక, గుర్తు. ఆకుపచ్చ అంటే ప్లస్, ఎరుపు అంటే మైనస్. ధర కూడా రాస్తానంటే ఆయన వద్దన్నాడు.

"అంకెలన్నీ వింటే బుర్ర తిరుగుతుందమ్మా. ఎటు, ఎంత, అంతే చాలు."

ఆయన షేర్లన్నీ సముద్రం అవతలి మార్కెట్లోవి. ఈ వారం బ్రోకరు తన యాప్ మానేసి, నేరుగా అక్కడి తెరనే ఫొటో తీసి పంపుతున్నాడు. కదలికకు ముందు గుర్తులేమీ లేవు, రంగులే ఉన్నాయి. అన్నీ పచ్చగా ఉన్నాయి. పచ్చ అంటే మంచిదే కదా, దానికి ఎవరినైనా అడగాలా? వరసగా మూడు రోజులు ప్లస్ కొట్టింది మహాతల్లి.

మూడో ప్లస్ విన్న మామయ్య గంతేసినంత పని చేశాడు. మూడు రోజులు పెరిగితే ఇంకా కొనాలన్నది ఆయన పాత పట్టు. కంటి ఆపరేషన్ కోసం దాచిన సొమ్మంతా పెట్టి కొనమని బ్రోకరుకు చెప్పేశాడు.

"డాక్టరుకు రెట్టింపు ఫీజు ఇచ్చి చూపు తెచ్చుకుంటా, చూస్తూ ఉండు!"

ఆ మధ్యాహ్నమే ఫోన్ నిండిందని పాత స్క్రీన్‌షాట్లు చెరపబోయింది కోడలు. ఒకే కంపెనీ ధర మూడు రోజుల బొమ్మల్లో వరసగా కనబడింది: 412, 405, 394. ఆమె మళ్ళీ చూసింది. పెరుగుతూ ఉంటే తగ్గిందేమిటి! బ్రోకరుకు ఫోన్ చేసింది.

"అక్కడ ఎరుపంటే పెరగడమండీ, పచ్చంటే పడటం. మీకు తెలుసనుకున్నా," అన్నాడతను తాపీగా.

"అమ్మేయండి, ఇప్పుడే!"

"అమ్మడానికి పెట్టచ్చు. కానీ అక్కడి నిబంధన ప్రకారం ఒక్క రోజులో పడగలిగినంతా పడి ఆగిపోయింది. కొనేవాడు లేడు."

ఆమె మామయ్య గదిలోకి వెళ్ళి దాచకుండా చెప్పింది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆయన చెయ్యి ఫోన్ కోసం మంచం మీద వెతికింది.

"తప్పు నాది మామయ్యా..."

"ధర వద్దన్నది నేనే కదమ్మా. ఇప్పుడు తెర ఎలా ఉంది? ఉన్నదున్నట్టు టైపు చెయ్యి."

ఆమె కొత్త స్క్రీన్‌షాట్ తెరిచింది. పై నుంచి కింది దాకా పచ్చగా ఉంది. కళ్ళు తుడుచుకుని, ఈసారి ధర కూడా రాసింది. పంపాక ఫోన్ చదవడం మొదలుపెట్టింది. ఒక్కో పేరు తర్వాతా మైనస్, మైనస్ అంటూ, ఆయన ఆపమనేదాకా చదువుతూనే ఉంది.