‘చూస్తాను’ అని రాయని జవాబు

టైలరు నోట ‘కాదు’ అనే మాట ఎవరూ విని ఎరగరు. చేతిలో ఇరవై జాకెట్లు పడి ఉన్నా, ఇరవై ఒకటోది పట్టుకొచ్చినవాళ్ళతో “చూస్తానమ్మా, రేపు రండి” అనేవాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. ఈ జబ్బు దుకాణంతో ఆగితే బాగుండేది. చెల్లెలి పెళ్ళికీ ‘చూస్తాను’ అనే రాశాడు, మహానుభావుడు వెళ్ళలేదు. అన్న వస్తాడని ఆ పిచ్చిది గంటసేపు పెళ్ళి ఆపించింది.

ఇప్పుడు ఆమె కూతురి పెళ్ళి. పదో తేదీలోగా జవాబు తెలపమని శుభలేఖలో అచ్చు వేశారు. దాని కింద చెల్లెలి చేతిరాత: ‘అన్నయ్యా, వస్తే వస్తానను, రాకపోతే రానను. చూస్తానని మాత్రం రాయకు.’

వెళ్ళే దారి లేదు. భార్య తుంటి విరిగి మంచంలో ఉంది, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. పక్కింటావిడని ఒక పూట అడగొచ్చు గానీ, వెళ్ళిరావడానికి పట్టే మూడు రోజులకి ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

మొదటి ఉత్తరం పేజీన్నర సాగింది. ఎముక, ఎక్స్‌రే, డాక్టరు మాటలు, అన్నీ ఎక్కించాడు. చదివి వినిపిస్తే భార్య, అది పెళ్ళివారికి రాసిందా ఆసుపత్రికి రాసిందా అని అడిగింది. రెండోదాంట్లో ‘వీలు చిక్కితే’ అన్న ముక్క చొరబడింది. తనే చింపేశాడు.

మూడోది ఇలా కుదిరింది: ‘అమ్మాయి పెళ్ళికి పిలిచినందుకు చాలా సంతోషం. మీ వదిన మంచం దిగలేదు, అందుకని నేను రాలేను. నాకోసం చోటు ఉంచకండి. పిల్లకీ అల్లుడికీ మా ఇద్దరి మనఃపూర్వక అభినందనలు. కలకాలం చల్లగా ఉండాలి.’ అదే కవర్లో, కొత్త జంట ఇద్దరి పేర్లతో విడిగా ఒక చిన్న అభినందన కార్డు పెట్టాడు. ఆరో తేదీనే పోస్టు చేశాడు. ఆ పూట దుకాణంలో సూదిలోకి దారం ఎక్కించడానికి నాలుగుసార్లు పట్టింది.

తొమ్మిదిన చెల్లెలు ఫోన్ చేసింది. వదిన ఎలా ఉందని అడిగింది, కార్డు చూసి పిల్ల మురిసిపోయిందని చెప్పింది. టైలరుకి కాస్త ధైర్యం వచ్చి, ఈసారైనా తిన్నగా రాశానా అన్నాడు.

“రాశావు అన్నయ్యా. నేనే అలా రాయమన్నాను. చదివాక గానీ తెలీలేదు. చూస్తానని రాసుంటే, తిట్టుకుంటూనైనా పెళ్ళిరోజు దాకా నీకోసం ఎదురుచూసేదాన్ని.”

లోపలి గదిలోంచి భార్య పిలిచింది, పక్కకి తిప్పే వేళయింది. ఫోన్ పెట్టేస్తున్నానని చెల్లెలికి చెప్పి లోపలికి వెళ్ళాడు.