కెన్నెత్ గారి ట్యూబు

మా హగరి చర్చిలో దేవుడి పేరు కన్నా దాతల పేర్లే ఎక్కువ. ఫ్యాను రెక్కల మీద పేర్లు, బెంచీల వీపుల మీద పేర్లు, చివరికి ట్యూబ్‌లైట్ల మీద కూడా పేర్లే. నల్ల పెయింటుతో 'దివంగత ఫలానా వారి జ్ఞాపకార్థం' అని మూరెడు పొడుగు రాసేస్తే, వెలుతురు రావలసిన చోట అక్షరాలు నిలబడి ఉంటాయి. ముప్పై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నవాణ్ణి, ఇంత తెలివితక్కువతనం నేనెక్కడా చూడలేదు.

అందుకే ట్యూబులు బిగించే పాత పట్టీలన్నిటికీ ఎల్ఈడీ ట్యూబులు వేయాలని కమిటీ తీర్మానించినప్పుడు నాకు హాయిగా అనిపించింది. శుక్రవారం మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకుని, నిచ్చెన ఎక్కాను. కమిటీ సెక్రటరీ ఆర్థర్ సార్ కింద నిలబడి సలహాలు ఇస్తున్నారు. రిటైరైన లెక్కల మాస్టరు. కరెంటు పనిలో ఓనమాలు కూడా ఆయనకు తెలియవు.

"చోక్ ఉండనీయప్పా, అదుంటే కరెంటు మెత్తగా వస్తాదంట," అన్నారు.

"సుమ్మనే ఉండు సార్. కొత్త ట్యూబు లోపలే దానిక్కావాల్సింది ఉండాది."

చోక్ విప్పాను, స్టార్టరు తీసి దాని వైర్లు కత్తిరించాను. ఈ రకం ట్యూబుకు ఒక కొసలోనే కరెంటు అందాలి. ఫేజు, న్యూట్రలు తెచ్చి ఆ కొస హోల్డరు రెండు పిన్నులకు నేరుగా కలిపాను. రెండో కొస హోల్డరు ట్యూబును పట్టుకోవడానికే. పదకొండు పట్టీలు ఇలాగే అయిపోయాయి.

పన్నెండోది జ్ఞానకుమారత్త కూర్చునే బెంచీ పైన ఉంది. దాని ట్యూబు మీద ఆమె భర్త కెన్నెత్ గారి పేరు. పోయి నాలుగేళ్లయింది.

"టోనీ, ఇదొక్కటి అట్లే ఉండనీయప్పా. ఈ ఆదివారం ఆయన పోయిన దినం. ఆ లైటు కిందనే కూచోని ప్రార్థన చేసుకుంటా," అందామె.

ఒక్క పట్టీ వదిలేస్తే నా సొమ్మేం పోదు. కానీ నాకు చిర్రెత్తింది. "పేరు చదూకోడానికి లైటు యాలత్తా? సమాధి మీద ఉండాది కదా," అన్నాను. ఆర్థర్ సార్ తల వంచుకున్నారు. నేను ట్యూబు తీసి ఆమె చేతిలో పెట్టి, ఆ పట్టీనీ మార్చేశాను. ఆమె పాత ట్యూబును కొంగుతో తుడుచుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఆదివారం ఆరాధన మొదలయ్యే వేళకు నేను గేటు దగ్గర ఫోన్ మాట్లాడుతున్నాను. లోపల టప్పుమని పేలిన చప్పుడు. మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి. పరిగెత్తుకు వెళ్లి చూస్తే బెంచీ మీద ఆర్థర్ సార్ నిలబడి ఉన్నారు. పైన పట్టీలో కెన్నెత్ గారి ట్యూబు, ఒక కొస నల్లగా మాడిపోయి ఉంది.

"పాపం, ఆమె ఇంటికాడ్నించి తెచ్చుకునింది, ఈ దినమొక్కటి వెలగనీలే అని నేనే పెట్టినా," అన్నారాయన.

నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. సంఘమంతా వింటుండగానే అరిచాను. "చోక్ లేకుండా పాత ట్యూబు యాడన్నా వెలుగుతాదా సార్? దాని పిన్నులకు లోపలుండేది సన్న తీగ. నేరుగా కరెంటిస్తే మాడి సస్తాది. ఇన్నేండ్లు పిల్లోళ్లకు ఏం చెప్పినావో ఏమో!"

ముందు వరుసలో ఎవరో నవ్వారు కూడా.

జ్ఞానకుమారత్త మాత్రం ట్యూబునే చూస్తూ అడిగింది. "మళ్లీ చోక్ పెడితే వెలుగుతాదా అప్పా?"

"లేదత్తా. ఆ కొస తీగ తెగిపోయింది. ఇంక ఎన్ని పెట్టినా వెలగదు."

"ఈ పట్టీలో పాత ట్యూబు పెట్టకూడదని యాడన్నా రాసినావా?"

కొత్త ట్యూబు పెట్టెలో ఆ హెచ్చరిక స్టిక్కరు ఇస్తారు, పట్టీ మీద అంటించి తీరాలి. పన్నెండు స్టిక్కర్లూ నా సంచీ అడుగునే పడి ఉన్నాయి. ఇంత తెలిసిన పని చెడగొట్టే మూర్ఖుడు ఎవడుంటాడులే అని, అంటించడానికి బద్ధకించాను. ఆ మూర్ఖుడు ఆర్థర్ సార్ కాదు.

మాడిన ట్యూబు తీసి, పడిపోయిన ఎంసీబీ స్విచ్చి పైకెత్తాను. ఫ్యాన్లు తిరిగాయి. ఆ పట్టీకి కొత్త ట్యూబు తిరిగి బిగిస్తే తెల్లగా, పేరూ ఊరూ లేకుండా వెలిగింది.

జ్ఞానకుమారత్త బైబిలు తీసుకుని లేచింది. లైటే లేని వెనక వరండాకు పోయి, తలుపు పక్కన నేల మీద కూర్చుని కళ్లు మూసుకుంది.