తప్పు కాదు, తుప్పు

ఆయన మందుల షాపుకి వెళ్ళినవాళ్ళకి మాత్రతో పాటు ఒక మాట విరుపు కూడా ముడుతుంది. దగ్గు మందు అడిగితే "దగ్గు తగ్గాలంటే దగ్గరకి రావాలి" అంటాడు. నొప్పి మాత్ర అడిగితే "ఒక్కటి మాత్రమేనా?" అంటాడు. చదివింది రసాయన శాస్త్రమే అయినా, వీధి వీధంతా ఆయనకి పెట్టిన పేరు శ్లేషాయనం. ఆ పేరంటే ఆయనకి డిగ్రీ కంటే మక్కువ.

ఎండ క్రీముల విషయంలోనూ ఆయనకో విరుపు ఉంది. "ఖనిజంలో నిజం ఉంది. రసాయనంలో రసమే ఉంది." ఖనిజం క్రీమంటే జింకు కలిపింది, చిక్కగా, తెల్లగా ఉంటుంది. రసాయనం జెల్లు నీళ్ళలా జారి, రాసిన క్షణంలో మాయమవుతుంది. చంటిపిల్లలకీ, ఏది రాసినా మొహం మండేవాళ్ళకీ ఆయన ఖనిజమే ఇచ్చేవాడు, అందులో తప్పేమీ లేదు. కానీ మాట బాగా కుదిరింది కదా అని వచ్చినవాళ్ళందరికీ అదే అంటగట్టేవాడు. ఆ అందరిలో కట్టుకున్నావిడ కూడా ఉంది.

ఆవిడ కార్లు నడపడం నేర్పుతుంది. సగం ఊరికి ఆవిడే గేరు వెయ్యడం నేర్పింది కనక అంతా గేరమ్మ అంటారు. చామనఛాయ కూడా కాదు, నిఖార్సయిన నలుపు. కాన్పు తర్వాత రెండు చెంపల మీదా మంగు మచ్చలొచ్చాయి. చర్మం డాక్టరమ్మ మందులిచ్చి తగ్గించింది గానీ, ఎండ తగిలితే మళ్ళీ వస్తాయని మరీ మరీ చెప్పింది. అలాగే వచ్చాయి. కారు అద్దం ఎత్తి ఉన్నా సరే, కిటికీ వైపు చెంప మీద ముందొచ్చాయి.

సరిగ్గా అప్పుడే బస్సు డిపో నుంచి కబురొచ్చింది. ఆడవాళ్ళకి బస్సు నడపడం నేర్పడానికి ఒక శిక్షకురాలు కావాలట, ఆవిడ అయితే బాగుంటుందట, వారంలో ఏ సంగతీ చెప్పాలట. పెద్ద బండి మీద చెయ్యి వెయ్యాలన్నది ఆవిడ పెళ్ళి నాటి కోరిక. అయినా ఆవిడ రానని చెప్పేస్తానంది. పొద్దస్తమానం ఆ మైదానంలో నిలబడితే మొహం మీద మచ్చలు కాదు, మ్యాపులే మిగులుతాయంది.

"మరి నేనిచ్చిన క్రీము రాసుకుంటున్నావు కదా?" అన్నాడాయన.

ఆవిడ నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అత్తగారు చెప్పింది. "ఎక్కడ్రా, శనగ్గింజంత రాస్తుంది. నిండా రాస్తే సున్నం కొట్టిన గోడలా ఉంటోందని ఆ కారు నేర్చుకునే పిల్లలు నవ్వారట. నేను చూశాను కదా, బూడిదలో పొర్లినట్టే ఉంది పాపం."

మొహానికీ మెడకీ కలిపి రెండు వేళ్ళ పొడవునా క్రీము తీసుకోవాలని ఆయన కౌంటర్ దగ్గర రోజూ పాఠం చెప్తాడు. సొంతింట్లో శనగ్గింజ.

మర్నాడు తన సిద్ధాంతాన్ని మింగేసి రసాయనం జెల్లు తెచ్చాడు. అది ఆవిడకి నచ్చింది. తెలుపు లేదు, జిడ్డు లేదు, నవ్వులూ లేవు. నిండా రాసుకుని వెళ్ళింది. మధ్యాహ్నానికి చెమట పట్టింది, చెమటతో జెల్లు కళ్ళలోకి దిగింది, కళ్ళు భగ్గుమన్నాయి. అవతల కొత్తగా నేర్చుకునే అమ్మాయి స్టీరింగు పట్టుకుని ఉంది. గేరమ్మ ఒక చేత్తో కళ్ళు నలుపుకుంటూ, తన వైపు ఉన్న బ్రేకు తొక్కి కారు పక్కకి ఆపించింది. ఏ ప్రమాదమూ జరగలేదు గానీ, ఇంటికొచ్చి ఆ జెల్లుని మొగుడి చేతిలో పెట్టేసింది.

"ఇది మీరు రాసుకోండి, మీకు బండి నడిపే పని లేదు కదా. ఒకటేమో నన్ను తెల్లగా చేస్తుంది, రెండోదేమో గుడ్డిదాన్ని చేస్తుంది. నేను డిపోకి ఫోన్ చేసేస్తాను."

ఆయన ఒక్కరోజు ఆగమని బతిమాలి డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. మాటల్లో మాటగా, ఖనిజం ఎండని అద్దంలా తిప్పికొడుతుందనీ, రసాయనం పీల్చుకుంటుందనీ తను ఇన్నాళ్ళూ చెప్పే ముక్క కూడా చెప్పాడు. డాక్టరమ్మ నవ్వింది. జింకు కూడా చాలా మటుకు పీల్చుకునేదేననీ, తిప్పికొట్టేది కొద్దిగానేననీ అంది. సరిగ్గా రాస్తే రెండూ కాపాడతాయనీ, ఏది మంచిదన్నది రాసుకునే మనిషిని బట్టి ఉంటుందనీ అంది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది.

"మంగుకి మామూలు వెలుతురు కూడా పడదండీ. మీరిచ్చిన తెల్ల క్రీమూ, ఆ జెల్లూ ఆ వెలుతురుని పెద్దగా ఆపలేవు. రంగు కలిపిన ఖనిజం క్రీము ఇవ్వండి. ఆ రంగు ఐరన్ ఆక్సైడుది, అది ఆపుతుంది."

ఆ క్రీము తన షాపులోనే ఉంది. కంపెనీ మనిషి తెచ్చినప్పుడు "ఇది మందు కాదు, మేకప్పు" అని తీసుకెళ్ళి లిప్‌స్టిక్కుల కింద అరలో పెట్టించాడు. అక్కడ దుమ్ము కొట్టుకుపోతోంది.

సాయంత్రం ఆవిడని షాపుకి పిలిచి ట్యూబు చేతిలో పెట్టాడు. ఇందులో ఐరన్ ఆక్సైడ్ ఉందన్నాడు.

"అంటే తుప్పే కదా," అంది ఆవిడ. "బస్సుకి తుప్పు పడితే గీకి పెయింటేస్తారు. మీరు నాకు తుప్పునే పెయింటేస్తారా?"

"తప్పు కాదోయ్, తుప్పే. కాకపోతే శుభ్రంగా తయారుచేసిన తుప్పు."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ చెంప మీద కొంచెం రాసి, వాకిట్లో వెలుతురుకి వచ్చి చిన్న అద్దంలో చూసుకుంది. లేత గోధుమరంగు పట్టీ వేసినట్టు ఉంది. నవ్వు ఆగిపోయింది. డబ్బా మీద బొమ్మలు చూసింది. లేతది మొదలుకుని ముదురుది దాకా మూడు రంగులున్నాయి. షాపులో ఉన్నవన్నీ మొదటి రంగువే.

"మూడోది ఏదీ?"

"అది అమ్ముడుపోదని తెప్పించలేదు."

"ఏవండీ," అంది ఆవిడ, గొంతు పెంచకుండానే, "ఒక్కసారి బయటికొచ్చి చూడండి."

ఆయన గడప దాటి వచ్చాడు. ఆఫీసులు వదిలే వేళ. సైకిళ్ళ మీదా, బస్సుల్లోనూ, నడుస్తూనూ వీధి నిండా మనుషులు. ముప్పాతిక మంది ఆవిడ రంగే. కొందరు ఆయనలా చామనఛాయ. ఆ మొదటి రంగు మనిషి కోసం ఆయన ఆ చివరి నుంచి ఈ చివరికి వెతికాడు.

"ఎవరికోసమండీ మీ షాపు?" అంది ఆవిడ.

మూడో రంగు ట్యూబుల పెట్టె రెండో రోజుకి వచ్చింది. కంపెనీ మనిషి పంపేదాకా ఆగకుండా ఆయనే గోడౌనుకి వెళ్ళి మోసుకొచ్చాడు. ఆవిడ దవడ మీద రాసి చూసుకుంది. రాసిన చోటేదో, రాయని చోటేదో తెలియలేదు. రెండు వేళ్ళ పొడవునా తీసి మొహానికీ మెడకీ పట్టించింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఏమైనా రాశావా లేదా?" అని అడిగింది. అంతకంటే మంచి సర్టిఫికెట్ ఆ ఇంట్లో ఎవరూ ఇవ్వలేరు. ఆవిడ అక్కడే నిలబడి డిపోకి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పింది. జెల్లు ఆయనకే మిగిలింది. మీసానికి తెల్లగా అంటుకోదు కనక ఆయనకి అదే నయం.

మొదటి రోజు ఆయన షాపు కట్టేసి మరీ డిపోకి వెళ్ళాడు, కంచె అవతలే నిలబడ్డాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. బస్సు పక్కన గేరమ్మ, ఎదురుగా నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు. ఆవిడ టోపీ తీసి, సంచీలోంచి ట్యూబు తీసి, అందరి ఎదుటా మళ్ళీ ఒక పూత వేసుకుంది. రెండు గంటలకోసారి వెయ్యాలని ఆయన చెప్పిన మాట అది. ముందు వరసలో ఒక అమ్మాయి, తెల్లబడే క్రీమా మేడం, మాకూ చెప్పండి, అంది.

"కాదమ్మా. ఇది నా రంగు క్రీము. నా రంగు చెక్కు చెదరకుండా ఉండాలని రాసుకుంటున్నాను," అంది గేరమ్మ. "పద, స్టీరింగు ముందు కూర్చో."

అమ్మాయి ఎక్కింది, పక్కనే గేరమ్మ. బస్సు ఒక్క కుదుపుతో కదిలింది. కంచె దగ్గర నిలబడ్డ మరో ఆయన, ఆ నేర్పే ఆవిడ ఎవరండీ, మాంచి దర్జాగా ఉంది, అని అడిగాడు.

"మా ఆవిడ," అన్నాడు శ్లేషాయనం. ఏ విరుపూ లేకుండా, బస్సు హారన్ మోతలోంచి కూడా వినబడేంత గట్టిగా.