ఒక్క చూపులో

ఫోన్లో జనం చదవరు, పైపైన చూసుకుపోతారు. మద్దిలపాలెంలో ఓ వెబ్‌సైట్‌కి వ్యాసాలు దిద్దే ఎవాంజలిన్‌కి ఈ మాట కంఠోపాఠం.

ఓడలో పనిచేసే భర్త బెన్సన్‌కి పది రోజులకోసారి ఐదు నిమిషాలే సిగ్నల్. ఆమె పొడవాటి మెసేజి అతను చదివేలోపే సిగ్నల్ పోయేది, జవాబు వచ్చేది కాదు.

విసుగొచ్చి ఈసారి ఆఫీసు పద్ధతిలో రాసింది. “అత్తయ్యకి బీపీ తగ్గింది” అని ఉపశీర్షిక, కింద వరసగా మూడు చుక్కలు, చుక్క పక్కన ఒక్కో చిన్న వాక్యం. “పాపకి సీటొచ్చింది” అని ఇంకోటి, దాని కింద రెండు.

నిమిషంలో అతని వాయిస్ మెసేజి వచ్చింది.

“ఒక్క సూపులో అయిపోనాది, ఎవా. మళ్లీ సిగ్నలొచ్చేదాకా పది రోజులూ నాను ఏటి సదువుకోవాల?”